బంగినపల్లి అంటు మొక్కకు మొదటి ఏడాది: కొన్నవారికి రాసిన ఉత్తరం, చూసి తప్పులుంటే చెప్పండి

గోదారి_నర్సరీ | జూలై 14, ఉదయం 7:40

మా నర్సరీ కడియం పక్కన. పోయిన వారం వికారాబాద్ వైపు నుంచి ఒకాయన వచ్చి ఆరు బంగినపల్లి అంట్లు తీసుకెళ్లారు. ఎర్ర చల్కా నేల, బోరు ఉంది, డ్రిప్పు వేస్తానన్నారు. ఆయనకు రాసిన ఉత్తరం కింద పెడుతున్నాను. ఇక మీదట మొక్కతో పాటు అందరికీ ఇదే అచ్చేసి ఇద్దామని ఉంది. అందుకే ముందు మీకు చూపిస్తున్నాను.

> అయ్యా, నమస్కారం. మొక్కలు క్షేమంగా చేరాయని ఫోన్‌లో చెప్పారు, సంతోషం. వాటిని దింపిన రోజే నాటొద్దు. ఐదారు రోజులు చెట్టు నీడన ఉంచి, రోజూ పొద్దున్నే కవరులో నీళ్లు పోయండి. లారీలో గాలికి ఆకు వడిలి ఉంటుంది, కాస్త తేరుకోవాలి.
>
> గుంతలు మే నెలలోనే తీశానన్నారు కాబట్టి సగం పని అయినట్టే. మూడడుగుల గుంతలో పైమట్టి, నాలుగు తట్టల మాగిన పశువుల ఎరువు, రెండు కిలోల సింగిల్ సూపర్, కిలో వేపపిండి కలిపి నింపండి. నింపడం నేల మట్టానికి ఆపకండి, జానెడు ఎత్తు గుట్టగా పోయండి. గుల్ల మట్టి, ఎరువు కలిసిన గుంత రెండు వానలకు కుంగుతుంది. మట్టంగా నింపి నాటితే మొక్కా దాంతో పాటే దిగిపోతుంది, అంటు అతుకు మట్టిలో పడుతుంది, పాదు మడుగవుతుంది. అతుకు ఎప్పుడూ నేలకు జానెడు పైన కనబడాలి.
>
> నాటే ముందు రోజు పొద్దున కవరుకు నీళ్లు పెట్టండి. మరీ తడిగా ఉన్నా, మరీ ఎండినా మట్టి ఉండ పగులుతుంది. ముందు కవరు అడుగు కోయండి. అక్కడ వేళ్లు గుండ్రంగా చుట్టుకుని ఉంటే ఆ చుట్టను చాకుతో తీసేయండి. తరవాత ఉండను అరచేతి మీద పెట్టుకుని గుంతలో దింపి, అప్పుడు పక్క నిలువుగా కోసి కవరు లాగండి. కాండం పట్టుకుని మొక్కను ఎత్తొద్దు, బరువంతా అతుకు మీద పడుతుంది.
>
> నీళ్ల సంగతి జాగ్రత్తగా చదవండి. మా కవర్లలో ఉన్నది గోదావరి ఒండ్రు, బంకమట్టి. మీది చల్కా. మీ మట్టి నీళ్లను గబగబా తాగేస్తుంది, మా ఉండ నెమ్మదిగా తాగుతుంది. పాదులో నీళ్లు పోస్తే చుట్టూ తడిసి, ఉండ మధ్యలో పొడిగా మిగిలిపోతుంది. మొదటి రెండు నెలలు వేళ్లన్నీ ఆ ఉండలోనే ఉంటాయి. వాన లేని రోజుల్లో మూడు రోజులకోసారి పది లీటర్లు, అందులో సగం ఉండ మీదనే, నెమ్మదిగా, రెండు విడతలుగా పోయండి.
>
> మొక్కకు ఊతకర్ర పాతి, పురికొసతో ఎనిమిది అంకె ఆకారంలో వదులుగా కట్టండి. అతుకుకున్న ప్లాస్టిక్ టేపు నాటిన మూడు నెలలకు తీసేయండి. అతుకు కింద నుంచి వచ్చే చిగురును ఎప్పటికప్పుడు గిల్లేయండి, అది నాటు మామిడి. జనవరిలో పూత కనిపిస్తే తీసేయండి. నాటిన నెలకు మొక్కకు గుప్పెడు యూరియా వేయండి.
>
> ఇట్లు, మీ నర్సరీ

---

తోట_మాష్టారు | జూలై 14, ఉదయం 9:15

ఉత్తరం బాగుంది. గుంత కుంగడం, ఉండ తడవకపోవడం రెండూ రాశారు, వాటి సంగతి కొన్నవారికి చెప్పేవాళ్లు తక్కువ. రెండు చోట్ల మాత్రం మార్చాలి.

మొదటిది యూరియా. నెలకు గుప్పెడు వద్దు. అప్పటికి వేళ్లు ఉండ దాటి బయటకు రావు. గుప్పెడు యూరియా ఆ చిన్న ఉండ చుట్టూ కరిగితే ఆకుల కొసలు, అంచులు గోధుమ రంగుకు మాడతాయి. జనం దాన్ని తెగులనుకుని మందు కొడతారు. కొత్త చిగురు వచ్చి, ఆ ఆకు లేత రంగు పోయి ముదురు పచ్చబడే దాకా ఆగాలి. అంటే వేరు పట్టిందన్నమాట. మొదటి ఏడాదికి సిఫార్సు మొక్కకు నత్రజని, భాస్వరం, పొటాష్ ఒక్కోటి 100 గ్రాములు. గుంతలో రెండు కిలోల సూపర్ వేయిస్తున్నారు కాబట్టి ఈ ఏడాది భాస్వరం మళ్లీ అక్కర్లేదు. మిగిలింది యూరియా 220 గ్రాములు, మ్యూరేట్ ఆఫ్ పొటాష్ 165 గ్రాములు. దాన్ని మూడు నాలుగు విడతలు చేసి, కాండానికి అడుగు దూరంలో గుండ్రంగా చల్లి, మట్టి కలిపి నీళ్లు పెట్టాలి.

రెండోది టేపు. "నాటిన మూడు నెలలకు" అంటే ఏ లెక్క? అంటు కట్టిన రోజు నుంచి లెక్క వేయాలి గానీ నాటిన రోజు నుంచి కాదు. ఈ మొక్కలకు అంటు ఎప్పుడు కట్టారు?

---

గోదారి_నర్సరీ | జూలై 14, ఉదయం 10:02

ఫిబ్రవరిలో, మెత్తటి కొమ్మ అంటు. ఐదు నెలలైంది. యూరియా మాట ఒప్పుకుంటున్నాను, మార్చేస్తాను. టేపు మాత్రం కావాలనే ఉంచుతాం మాష్టారూ. ఇక్కడి నుంచి వికారాబాద్‌కు ఒక రాత్రంతా ప్రయాణం. ఒకదాని మీద ఒకటి వాల్చి పేరుస్తారు. టేపు తీసి పంపితే అతుకు దగ్గర చీలినవి వస్తాయి, అప్పుడు మమ్మల్నే అంటారు.

---

తోట_మాష్టారు | జూలై 14, ఉదయం 10:30

ప్రయాణానికి ఉంచండి, కాదనను. కానీ ఐదు నెలలకు ఇంకో మూడు కలిపితే ఎనిమిది. ఆ లోపు కాండం లావెక్కుతుంది, టేపు సాగదు. ముందు టేపు పైన బెరడు ఉబ్బి చిన్న గడ్డలా అవుతుంది, టేపు ఉన్న చోట నడుం బిగించినట్టు సన్నబడుతుంది. తరవాత బెరడు టేపును మింగేస్తుంది. ఆకు నుంచి కిందికి దిగే ఆహారం అక్కడ ఆగిపోయి వేరుకు అందదు. పైకి మొక్క పచ్చగానే కనిపిస్తుంది, ఏప్రిల్ గాలికి అక్కడే టక్కున విరుగుతుంది. విరిగిన చోట చూస్తే బెరడులో ప్లాస్టిక్ ఉంగరం కనిపిస్తుంది.

కాబట్టి తేదీ రాయొద్దు, గుర్తు రాయండి. నాటాక మొదటి చిగురు విప్పుకుని ఆకు గట్టిపడితే టేపు తీయాలి. సాధారణంగా నెల, నెలన్నర పడుతుంది.

తీసే పద్ధతి కూడా రాయండి. ముడి వెతికి లాగితే లేత బెరడు టేపుతో పాటు ఊడొస్తుంది. కొత్త బ్లేడుతో టేపు మీద పైనుంచి కిందికి ఒకే గీత, బెరడుకు తగలనంత పైపైన గీయాలి. టేపు దానంతటదే విప్పుకుంటుంది. అంటిన ముక్క ఏదైనా ఉంటే వదిలేయండి, ఎండకు రాలిపోతుంది.

---

నూజివీడు_బాబాయ్ | జూలై 14, మధ్యాహ్నం 1:48

మాష్టారూ, నా మాట వేరు. నాటే రోజే తీసేయాలి. కొన్నవాళ్లలో నెలన్నర తరవాత గుర్తుపెట్టుకుని తీసేవాళ్లు ఎంతమంది? ఐదు నెలల అతుకు గట్టిగానే ఉంటుంది. టేపు తీసి, అతుకు పైన ఒకటి, కింద ఒకటి ఊతకర్రకు వదులు కట్లు కడితే చాలు. ఊత సరిగ్గా ఉంటే అతుకు మీద ఊపు పడదు.

---

తోట_మాష్టారు | జూలై 14, మధ్యాహ్నం 2:20

అతుకు చుట్టూ సన్నటి తెల్లటి మెత్తని కండ పూర్తిగా కమ్ముకుని ఉంటే మీ మాట చెల్లుతుంది. ఒక పక్క ఇంకా చీలిక గీత కనిపిస్తుంటే చెల్లదు. ఆరు మొక్కల్లో రెండు అలాంటివి ఉండొచ్చు. టేపు విప్పితే గానీ అది తెలియదు, ఇబ్బందంతా అక్కడే.

---

మేడమీద_మామిడి | జూలై 14, సాయంత్రం 6:11

మాది మేడ మీద డ్రమ్ము. గుంత మూడడుగులంటున్నారు, నా డ్రమ్ము రెండడుగులే. వేపపిండి కిలో వేయనా? రోజూ నీళ్లు పోస్తే ఆకు పసుపవుతోంది.

---

సుజాత_ఖమ్మం | జూలై 14, సాయంత్రం 6:40

అమ్మా, ఈ ఉత్తరం నేలలో నాటేవాళ్లకు. డ్రమ్ముకు కొలతలన్నీ వేరు. వేపపిండి పావు కిలో చాలు. ఆకు పసుపవడం మటుకు నీళ్లు ఎక్కువై అయ్యుండొచ్చు. అడుగు రంధ్రాలు మూసుకున్నాయేమో పుల్ల పెట్టి చూడండి. మిగతాది వేరే చర్చ పెట్టి అడగండి, ఇక్కడ కలిస్తే రెండూ పాడవుతాయి.

ఉత్తరం గురించి నాదొక మాట. "అతుకు కింద నుంచి వచ్చే చిగురును గిల్లేయండి" అన్నారు. కొత్తవాళ్లకు అది ఎలా తెలుస్తుంది? నాటు మామిడి చిగురు ఎర్రగా వస్తుంది, బంగినపల్లి చిగురు ఆకుపచ్చగా వస్తుంది. ఎర్ర చిగురు కనిపిస్తే తీసేయమని రాస్తే తేలిక.

---

నూజివీడు_బాబాయ్ | జూలై 14, రాత్రి 8:05

అమ్మాయ్, ఆ రంగు లెక్క రాయొద్దు, కొంప మునుగుతుంది. బంగినపల్లి చిగురు కూడా లేతలో రాగి రంగు కలిసి వస్తుంది. నాటు టెంక నుంచి వచ్చిన మొక్కల్లో ఒకటి ఎర్రగా, ఒకటి లేత పచ్చగా చిగురేస్తుంది, టెంకకో రకం. రంగు చూసి గిల్లితే అసలు కొమ్మనే గిల్లేస్తారు.

చూడాల్సింది చిగురు ఎక్కడ పుట్టిందో. అతుకు దగ్గర కాండం మీద వంకరగానో, ఉబ్బుగానో ఒక గుర్తు ఉంటుంది. దాని కింద బెరడు రంగూ గరుకూ కాస్త తేడాగా కనిపిస్తాయి. వేలు అక్కడ పెట్టి, చిగురు మొదలు వేలికి పైనా కిందా చూసుకోవాలి. అంతే.

సపోటాకైతే సుజాత చెప్పినట్టు ఆకు చూసి చెప్పొచ్చు. అది పాల మొక్క మీద కడతారు కదా, పాల ఆకు చిన్నది, కొస నొక్కు పడ్డట్టు ఉంటుంది. మామిడి మీద మామిడి కట్టినప్పుడు ఆ వెసులుబాటు లేదు.

---

సుజాత_ఖమ్మం | జూలై 14, రాత్రి 8:22

మా ఊళ్లో అందరూ రంగే చూస్తారు బాబాయ్. సరే, అతుకు చూడమనే రాయండి.

---

తోట_మాష్టారు | జూలై 15, ఉదయం 6:50

ఎందుకు తీయాలో కూడా ఒక వాక్యం ఉండాలి, లేకపోతే "పచ్చగా వస్తోంది కదా, ఉండనీ" అంటారు. వేరు నాటుది, కింది చిగురూ నాటుదే. దానికి మధ్యలో అతుకు లేదు కాబట్టి వేరు పంపే నీరు ముందు దానికే తేలిగ్గా అందుతుంది. పై కొమ్మకు కొత్త అతుకు దాటి వెళ్లాలి. రెండు నెలలు వదిలేస్తే కింది కొమ్మ బొటనవేలంత లావవుతుంది, పై కొమ్మ చిగురేయడం మానేస్తుంది. రెండు అంగుళాలు ఉండగా బొటనవేలితో పక్కకు నొక్కితే మొదలంటా ఊడొస్తుంది, గాయం చిన్నది. ముదిరాక కోస్తే మోడు మిగిలి అక్కడి నుంచి నాలుగు వస్తాయి. వానాకాలంలో వారానికోసారి ఒంగి చూడాలి.

---

పాలమూరు_పొలం | జూలై 15, ఉదయం 11:35

నాకు సరిగ్గా ఇదే జరిగింది. పోయిన ఆగస్టులో నాటిన అంటు. మేలో పైభాగం ఎండిపోయింది. జూన్ వానలకు కింద నుంచి మంచి కొమ్మ లేచింది, ఇప్పుడు మూడడుగులు. మొక్క బతికింది కదా, ఇది బంగినపల్లేనా? పీకేసి కొత్తది నాటమంటారా?

---

నూజివీడు_బాబాయ్ | జూలై 15, మధ్యాహ్నం 12:10

ముందు పైభాగం నిజంగా చచ్చిందో లేదో చూడండి. కొమ్మ కొసన గోటితో బెరడు గీకండి. లోపల గోధుమ రంగు, పొడిగా ఉంటే చచ్చింది. రెండంగుళాలు కిందికి వచ్చి మళ్లీ గీకండి. అలా అతుకు దాకా రండి. ఎక్కడైనా లేత పచ్చ, తడి కనిపిస్తే అక్కడి నుంచి బతికి ఉన్నట్టు. అతుకు పైన రెండంగుళాలు పచ్చ ఉన్నా చాలు, ఆ పైనున్న ఎండు భాగం కోసేసి, కింది కొమ్మను తీసేస్తే పై నుంచి చిగురు వచ్చే అవకాశం ఉంది.

---

పాలమూరు_పొలం | జూలై 15, సాయంత్రం 5:20

గీకి చూశాను. అతుకు పైన అంతా గోధుమ రంగే. అతుకు కింద పచ్చగా ఉంది. మూడడుగుల కొమ్మ అతుక్కి నాలుగు వేళ్ల కింద నుంచి పుట్టింది.

---

తోట_మాష్టారు | జూలై 15, సాయంత్రం 6:02

అయితే ఇప్పుడు మీ దగ్గరున్నది నాటు మామిడి. అలాగే పెంచితే కాపుకు ఏడెనిమిదేళ్లు పట్టొచ్చు, కాయ ఏమొస్తుందో చెప్పలేం. కానీ పీకకండి. ఏడాది పాటు నేలలో పాతుకున్న వేరు అది, కొత్త అంటు తెచ్చి నాటితే మళ్లీ ఆ వేరు రావడానికి ఏడాది. దాని మీదే బంగినపల్లి కట్టించండి, ఇది సరైన కాలం, గాల్లో తేమ ఉంది.

మంచి కాపున్న చెట్టు నుంచి మూడు నాలుగు నెలల కొమ్మ, పెన్సిల్ లావుది, చూసుకోండి. కోయడానికి వారం, పది రోజుల ముందు దాని ఆకులు కత్తిరించి తొడిమలు మాత్రం వదలండి. కొసన మొగ్గ ఉబ్బుతుంది. తొడిమలు తాకితే రాలే దశలో కోసి, అదే రోజు కట్టించండి. మీ నాటు కొమ్మ కూడా కట్టే చోట అంతే లావు ఉండాలి. కట్టడం మాత్రం చెయ్యి తిరిగినవాడి చేత చేయించండి.

పైభాగం మేలో ఎందుకు ఎండిందో తెలుసుకోకుండా కట్టిస్తే మళ్లీ అదే జరుగుతుంది. నీళ్లు ఎలా పెట్టారు?

---

పాలమూరు_పొలం | జూలై 15, సాయంత్రం 7:14

డ్రిప్పు. గంటకు నాలుగు లీటర్ల డ్రిప్పరు, రోజూ గంట. మొక్కకు రెండడుగుల దూరంలో. పాదు ఎప్పుడూ తడిగానే ఉండేది, నీళ్ల కొరత లేదు.

---

గోదారి_నర్సరీ | జూలై 15, రాత్రి 8:30

అదే కారణం కావచ్చండి. రెండడుగుల దూరంలో పడ్డ నాలుగు లీటర్లు చల్కాలో నిలువుగా కిందికే దిగుతాయి, పక్కకు పెద్దగా పాకవు. మొక్క ఉండ అడుగు వెడల్పు కూడా ఉండదు. పాదు తడిగా కనిపిస్తూనే ఉండ ఇటుకలా ఎండుతుంది. నీళ్లు ఉన్నాయనుకుని ఎవరూ అనుమానించరు.

చూసే పద్ధతి ఒకటుంది. సైకిల్ పుల్ల లాంటి సన్నటి ఇనుప పుల్లను కాండానికి నాలుగు వేళ్ల దూరంలో ఉండలోకి జానెడు గుచ్చండి. మెత్తగా దిగి, బయటకు తీస్తే మట్టి అంటుకుని ఉండాలి. గట్టిగా తగిలి, పొడిగా వస్తే పాదు ఎంత తడిగా ఉన్నా మొక్కకు నీళ్లు లేనట్టే.

వికారాబాద్ ఆయనకూ డ్రిప్పు కాబట్టి ఉత్తరంలో ఇలా చేరుస్తాను: మొదటి మూడు నెలలు డ్రిప్పరు కాండానికి జానెడు దూరంలో, ఉండ అంచు మీద చుక్క పడేట్టు ఉంచాలి. కాండం మీద పడకూడదు, మొదలు కుళ్లుతుంది. దసరా దాటాక అడుగు దూరం జరిపి, రెండో డ్రిప్పరు ఎదురు పక్క పెట్టాలి. ఏప్రిల్, మేలో పాదు మీద నాలుగు వేళ్ల మందం ఎండుగడ్డి పరిచి, కాండానికి మాత్రం తగలకుండా వదలాలి, చెద వస్తుంది.

---

సుజాత_ఖమ్మం | జూలై 15, రాత్రి 9:05

పూత గురించి ఒక్క ముక్కే రాశారు. ఏడాది మొక్కకు పూత వస్తే ఎవరికి తీయబుద్ధేస్తుంది? ఒక్క కాయ ఉంచితే అసలు రకమో కాదో తేలిపోతుంది కదా.

---

తోట_మాష్టారు | జూలై 16, ఉదయం 6:35

పూత రావడం మొక్క బలానికి గుర్తు కాదమ్మా. కొమ్మ తెచ్చింది కాసే చెట్టు నుంచి, దానికి వయసు ముందే ఉంది, అందుకే నాటిన ఐదారు నెలలకే పూస్తుంది. వేరుకు ఆ వయసు లేదు. పూత కొమ్మ కొసన వస్తుంది కాబట్టి అది నిలిచినంత కాలం అక్కడ కొత్త చిగురు రాదు. కాయ ఒక్కటైనా మే దాకా మోయాలి, మొక్కకు గడ్డు ఎండలు అవే. పూత బెత్తెడు ఉండగా, కింది ఆకుల గుత్తికి సరిగ్గా పైన సికేచర్‌తో కోస్తే ఆ గుత్తి పక్క మొగ్గల నుంచి రెండు మూడు కొమ్మలు లేస్తాయి. చెట్టుకు ఆకారం అక్కడే మొదలవుతుంది. మూడేళ్లు ఇలాగే.

---

నూజివీడు_బాబాయ్ | జూలై 16, ఉదయం 8:12

మూడేళ్లు మాష్టారి లెక్క. మొక్క ఐదడుగులు దాటి కాండం బాగుంటే రెండో ఏడాది ఒక్క కాయ ఉంచినా నష్టం లేదని నేనంటాను, రకం తెలుస్తుంది. మొదటి ఏడాది మాత్రం వద్దు, అక్కడ ఇద్దరిదీ ఒకే మాట.

---

వికారాబాద్_ఆరు_మొక్కలు | సెప్టెంబర్ 21, ఉదయం 7:25

ఆ ఉత్తరం అందుకున్నది నేనే. నర్సరీ వారు లింకు పంపారు. ఆరూ బతికాయి. నాటిన నెలన్నరకు టేపు తీశాను, ఒక మొక్కకు మాత్రం ఒక పక్క చీలిక గీత ఇంకా కనిపిస్తోంది, ఊతకర్ర ఉంచాను. ఇప్పుడు కొత్త సమస్య. రెండు మొక్కల లేత ఆకులు ఎవరో కత్తెరతో అడ్డంగా కత్తిరించినట్టు తెగి కింద పడ్డాయి. తొడిమ దగ్గర అరంగుళం ఆకు మిగిలింది. మేకలు రావడానికి లేదు, కంచె ఉంది.

---

తోట_మాష్టారు | సెప్టెంబర్ 21, ఉదయం 8:40

మేక కొరికితే అంచు చిరుగుతుంది, కొమ్మా పోతుంది. ఇంత తిన్నగా తెగిందంటే ఆకు కత్తిరించే ముక్కు పురుగు. ముందు కింద పడ్డ ముక్కలు ఏరండి. తల్లి పురుగు లేత ఆకు నడి ఈనె పక్కన గుడ్లు పెట్టి, ఆ తరవాత ఆకును కోసి పడేస్తుంది. పిల్ల పురుగు రాలిన ముక్కలోనే పెరిగి మట్టిలోకి దిగుతుంది. రోజూ సాయంత్రం ఏరి కాల్చేస్తే వచ్చే తరం చాలావరకు పోతుంది. ఆరు మొక్కలకు మందు దాకా వెళ్లక్కర్లేదు. పాదు మట్టి పైపైన ఒకసారి గుల్ల చేయండి. ఆకు ముదిరాక అది ముట్టదు, ఈ చిగురు గట్టిపడే దాకా రెండు వారాలు కాపలా కాస్తే చాలు.

చీలిక కనిపించే మొక్క ఫోటో పెట్టండి, అతుకు దగ్గరగా.

---

నూజివీడు_బాబాయ్ | సెప్టెంబర్ 21, ఉదయం 9:30

ఫోటో వచ్చే లోపు ఆ చీలికలోకి వాన నీరు దిగకుండా బోర్డో పేస్టు పూయండి, బ్రష్‌తో పల్చగా. మళ్లీ టేపు మాత్రం చుట్టొద్దు.

---

గోదారి_నర్సరీ | సెప్టెంబర్ 21, ఉదయం 10:15

టేపు మళ్లీ చుట్టాలని నేనంటాను బాబాయ్, నెల రోజులు, వదులుగా. అతుకు కలవనిది ఊతకర్ర ఒక్కదానికే ఆగదు. ముందు ఫోటో చూద్దాం.